నాలుగో అధ్యాయంలోంచి ఒక్క పేపర్: ఏది ఉంచుకోవాలి?

ప్రశ్న: మేడం, ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా థీసిస్ నాలుగో అధ్యాయం మిషన్ కాకతీయలో పూడిక తీసిన చెరువుల మీద. 17,000 పదాలు, 14 పట్టికలు. దాన్ని 8,000 పదాలకు కుదించి జర్నల్‌కు పంపాను. ‘కొత్తగా ఏం చెబుతున్నారో తెలియడం లేదు’ అంటూ ఎడిటర్ రివ్యూకు కూడా పంపకుండా తిప్పి పంపారు. ఇంకా ఏం తీసేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు జత చేసిన అధ్యాయం, పేపర్ రెండూ చదివాను. ప్రతి సెక్షన్‌లోనూ సగం కోసేశారు. దాంతో అధ్యాయంలోని నాలుగు ఫలితాలూ పేపర్‌లోకి వచ్చాయి, ఒక్కటీ పూర్తిగా నిలబడలేదు. చెరువులో నీరు పెరగడం, పూడిక మట్టి తోలుకున్న రైతులకు ఎరువుల ఖర్చు తగ్గడం, చేపల ఆదాయం, తూము దగ్గరి పొలాలకూ ఆయకట్టు చివరి పొలాలకూ మధ్య తేడా. ముందు వీటిలో ఒకటి ఎంచుకోండి. కోత తర్వాతి సంగతి.

మీరు శీర్షికలో పెట్టింది మొదటిది. నా ఉద్దేశంలో నాలుగింటిలో అదే బలహీనం. మీ మొదటి సర్వే 2015లో, రెండోది 2016 చివర్లో జరిగింది. 2015 తెలంగాణలో కరువు ఏడాది. 2016 సెప్టెంబరులో భారీ వర్షాలు పడ్డాయి. పూడిక తీయకపోయినా ఆ ఏడాది చెరువుల్లో నీరు పెరిగేదే కదా అని రివ్యూయర్ అడిగితే మీ దగ్గర జవాబు లేదు. పూడిక తీయని చెరువులను మీరు సర్వే చేయలేదు.

ఇప్పుడు మీ 11వ పట్టిక చూడండి. థీసిస్‌లో దానికి రెండు పేరాలే ఇచ్చారు. తూము దగ్గరి రైతులకు రెండో పంటకు నీరు అందింది. చివరి రైతుల్లో బోరు ఉన్నవాళ్లే రెండో పంట వేయగలిగారు, బోరు లేనివాళ్ల పొలాలు 2015లో లాగే బీడుగా ఉన్నాయి. వాన ఇద్దరికీ ఒకటే. పైగా మంచి వాన పడిన ఏడాదిలో చివరి పొలాలకు కూడా కాలువ నీరు చేరుతుందని ఎవరైనా అనుకుంటారు. అది జరగలేదంటే, మొదటి ఫలితాన్ని దెబ్బతీసిన వానే దీనికి బలం ఇస్తోంది. మీ పేపర్ ఇదే: చెరువు నిండినా చివరి ఆయకట్టుకు నీరు కాలువ ద్వారా కాక బోర్ల ద్వారానే అందింది, బోరు లేని రైతుకు అందలేదు.

ఈ ఒక్క వాక్యాన్ని కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకుని కొత్త ఫైల్ తెరవండి. పాత ఫైల్‌లో కోస్తూ పోతే ప్రతి పేరా మీద మమకారం అడ్డొస్తుంది. ముందు 150 పదాల సారాంశం రాసి, వేరే డిపార్ట్‌మెంట్ స్నేహితురాలికి చూపించి, పేపర్ ఏం చెబుతోందని అడగండి. ‘చెరువుల గురించి’ అంటే మళ్లీ రాయాలి. ‘నీళ్లు బోరు ఉన్నవాళ్లకే వెళ్లాయట’ అంటే ముందుకు వెళ్లండి.

సాహిత్య సమీక్ష 5,000 పదాలుంది, 700 చాలు. కాకతీయుల కాలం నుంచి చెరువుల చరిత్ర ఇక్కడ అక్కర్లేదు. చివరి ఆయకట్టు గురించి, చెరువు కింద బోర్ల గురించి ఇప్పటికే ఏమన్నారో, మీ ఫలితం దేనితో విభేదిస్తుందో చెబితే సరిపోతుంది. పథకం వివరాలకు ఒక పేరా. మిగిలిన చోటంతా ఫలితానికి ఇవ్వండి. 11వ పట్టికను విడదీసి మూడు పట్టికలు చేయండి, ఎందుకంటే అసలు అనుమానం అక్కడే వస్తుంది: బోరు ఉన్నవాళ్లు ముందు నుంచే డబ్బున్నవాళ్లేమో, ఎక్కువ భూమి ఉందేమో? భూమి విస్తీర్ణం మీ డేటాలో ఉంది. రెండెకరాల లోపు రైతులను మాత్రమే తీసుకుని బోరు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చండి. తేడా నిలిస్తే పేపర్ నిలుస్తుంది. తగ్గిపోతే ఆ సంగతి మీరే రాసి, మీ వాదనను ఆ మేరకు తగ్గించుకోండి. థీసిస్‌లో లేని ఈ పనికి నాలుగు రోజులైనా పెట్టండి.

ఎరువుల ఖర్చు ఫలితాన్ని పారేయొద్దు. అది వేరే ప్రశ్న కాబట్టి వేరే పేపర్ అవుతుంది. చేపల ఆదాయానికి మీ దగ్గర రెండు సొసైటీల లెక్కలే ఉన్నాయి, దాన్ని థీసిస్‌లోనే ఉండనివ్వండి.

రాయడం అయ్యాక ఫైల్‌లో `chapter` అని వెతకండి. పంపిన పేపర్‌లో ‘రెండో అధ్యాయంలో చర్చించినట్టు’ అని మూడు చోట్ల మిగిలిపోయింది. ఎడిటర్ కంట మొదట పడేది అదే. ఇది మీ థీసిస్ నుంచి తీసుకున్నదని కవర్ లెటర్‌లో స్పష్టంగా రాయండి. థీసిస్ శోధ్‌గంగలోకి ఎక్కాక సిమిలారిటీ రిపోర్టులో పోలికలు కనిపిస్తాయి, ముందే చెప్పి ఉంటే అది సమస్య కాదు.