ఫౌండేషన్ షేడ్లు కలిపే ఉద్యోగంలో పనేంటి?

"బీఫార్మసీ మూడో ఏడాది చదువుతున్నాను. కాస్మెటిక్స్ కంపెనీలో ఫౌండేషన్ షేడ్లు తయారుచేసే విభాగంలో చేరాలని ఉంది. అక్కడ నిజంగా ఏం పని ఉంటుంది? వార్మ్, కూల్, న్యూట్రల్ అంటే ఏమిటి? షాపులో అన్ని షేడ్లున్నా నాకు ఒక్కటీ సరిపోదెందుకు?" – ఓ విద్యార్థిని, నరసరావుపేట

ఫౌండేషన్‌కి రంగునిచ్చేవి ముఖ్యంగా నాలుగు పొడులు. టైటానియం డయాక్సైడ్ తెలుపు. మిగతా మూడూ ఐరన్ ఆక్సైడ్లు: పసుపు, ఎరుపు, నలుపు. తెలుపు, నలుపు షేడ్ ఎంత లేతగా ఉండాలో, ఎంత ముదురుగా ఉండాలో తేలుస్తాయి. పసుపు, ఎరుపుల పాళ్లే అండర్‌టోన్. పసుపు పాలు ఎక్కువైతే వార్మ్, ఎరుపు పెరిగి గులాబీ చాయ కొడితే కూల్, రెండూ ఒకదాన్నొకటి మించకపోతే న్యూట్రల్. మన ఇళ్లలో ఇది కొత్త సంగతేం కాదు. ఇద్దరూ చామనఛాయే అయినా ఒకరిలో పసిమి కనిపిస్తుంది, ఇంకొకరిలో ఎరుపు తొంగిచూస్తుంది. మెలనిన్, దాని కింద రక్తం, చర్మంలోని కెరోటిన్ కలిసి తెచ్చే తేడా అది.

ఇక పని చూద్దాం. ఒక మధ్యరకం షేడ్‌కి వంద గ్రాముల్లో తెలుపు 7 గ్రాములు, పసుపు 1.6, ఎరుపు 0.7, నలుపు 0.3 వేశారనుకోండి. పసుపు 1.4కి తగ్గించి ఎరుపు 0.9కి పెంచితే షేడ్ ముదురుదనం దాదాపు అలాగే ఉంటుంది గానీ, వార్మ్ కాస్తా గులాబీ వైపు జరుగుతుంది. మార్చింది గ్రాములో అయిదో వంతు. అందుకే తూకం దగ్గరా, పొడి నూరడం దగ్గరా అంత పట్టింపు.

ఏ షేడ్లు చేయాలో తేల్చడానికి చాలామంది చర్మాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలుస్తారు. అది మూడు అంకెలిస్తుంది: `L*` వెలుగు, `a*` ఎరుపు, `b*` పసుపు. ఆ చుక్కలన్నీ పటం మీద పెట్టి, ఒక్కో గుంపుకీ దగ్గరగా ఉండేలా షేడ్లు నిలబెడతారు. ప్రతి షేడూ వేరే స్టాకు, వేరే అర కాబట్టి సంఖ్యకి ఎక్కడో గీత గీయక తప్పదు. చాలాకాలం ఆ గీత ముదురు చాయల దగ్గరే పడింది. 2017లో ఫెంటీ బ్యూటీ ఒకేసారి 40 షేడ్లతో వచ్చాక మిగతా బ్రాండ్లూ ఆ వైపు చూడక తప్పలేదు.

ముదురు షేడ్ అంటే లేత షేడ్‌లో నల్లపొడి కలపడం కాదు. అలా కలిపితే ముఖం మీద బూడిద పూసినట్టు ఉంటుంది. తెలుపు బాగా తగ్గించి, ఎరుపు, పసుపు పెంచాలి. కొన్నిసార్లు నలుపుకి బదులు కొంత అల్ట్రామెరీన్ నీలం వేస్తారు. మన చర్మాలకి షేడ్లు చేయాలనుకునేవాళ్లు ముందు పట్టుసాధించాల్సింది ఇక్కడే.

ఇంత చేసినా ఎందుకు కుదరదంటే, ముఖం ఒకే రంగులో ఉండదు. నుదురు, నోటి చుట్టూ ముదురు, మెడ వేరు. చేతి మీద రాసి చూస్తే అందుకే మోసపోతాం, దవడ దగ్గర రాసి మెడతో పోల్చాలి. పైగా రాసిన కాసేపటికి నీరు ఆరి, ముఖం మీది జిడ్డు పొడిని తడిపితే రంగు ముదురుతుంది. షాపులో పావుగంట ఆగి, బయటికొచ్చి పగటి వెలుగులో చూడండి. మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉంటే వార్మ్ అన్న చిట్కాని నమ్మకండి. ముదురు చర్మం మీద ఆ రంగు తేలదు. డబ్బా మీది అక్షరాలకీ అన్ని బ్రాండ్లలో ఒకే అర్థం లేదు. సీ అంటే కూల్ అనుకుంటాం కదా, మ్యాక్‌లో ఎన్‌సీ షేడ్లు పసిమి చాయ వాళ్లకి, ఎన్‌డబ్ల్యూ గులాబీ చాయ వాళ్లకి.

మీ కాలేజీ ల్యాబ్‌లోనే ఈ పని మీకు నచ్చుతుందో లేదో తేల్చుకోవచ్చు. అధ్యాపకుల అనుమతితో కల్వంలో టైటానియం డయాక్సైడ్, మూడు ఐరన్ ఆక్సైడ్లు తూచి వేసి, కొంచెం ఆముదంతో నూరండి. కాస్త తీసి తెల్లకాగితం మీద పూసి, బొటనవేలితో గట్టిగా రుద్దండి. రుద్దినచోట రంగు మారిందంటే పొడి ఇంకా గడ్డలుగానే ఉందన్నమాట, మళ్లీ నూరాలి. రంగు మారనప్పుడే పాళ్లు సరిగ్గా పడ్డాయో లేదో చెప్పగలం. ఇలా మీ దవడ రంగుకి దగ్గరయ్యేదాకా చేస్తూ, ప్రతి తూకం నోట్‌బుక్‌లో రాయండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితాకంటే ఆ నోట్‌బుక్కే మీ గురించి ఎక్కువ చెబుతుంది.

ఎనిమిదో సెమిస్టర్‌లో కాస్మెటిక్ సైన్స్ ఎలెక్టివ్‌గా ఉంటుంది, మీ కాలేజీలో ఇస్తుంటే అదే తీసుకుని, ప్రాజెక్టూ ఇందులోనే చేయండి. వీటన్నిటికంటే ముందు కంటి డాక్టరు దగ్గర రంగులు గుర్తించే పరీక్ష చేయించుకోండి. ఎరుపు, ఆకుపచ్చల్లో కొద్దిపాటి తేడా పట్టలేకపోయినా షేడ్ మ్యాచింగ్‌లో నెగ్గుకురావడం కష్టం. అప్పుడు అదే కంపెనీలో స్టెబిలిటీ పరీక్షలు, నాణ్యత విభాగం చూసుకోవచ్చు.