రేటు సరైనదే, లాభం మాత్రం తప్పు

ప్రశ్న: విదేశీ కరెన్సీ లావాదేవీల ఆడిట్‌లో సంవత్సరాంతపు మారకపు రేటు సరిపోల్చుకుంటే చాలా? మారకపు లాభనష్టాలు సరిగ్గా నమోదయ్యాయో లేదో ఎలా తేల్చుకుంటారు?

చాలదు. నా అనుభవంలో పెద్ద తప్పులు రేటులో కన్నా, ఆ రేటును దేనికి వర్తింపజేశారన్న చోటే దొరికాయి. సంవత్సరాంతపు రేటును కేంద్ర బ్యాంకు ప్రకటించిన రేటుతో పోల్చి టిక్కు పెట్టడానికి అయిదు నిమిషాలు పట్టదు. ఆ టిక్కుతో పని అయిపోయిందని భావించే ఆడిట్ బృందాలను చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

నేను ఆడిట్ చేసిన ఒక తయారీ సంస్థ యూరోలలో పుస్తకాలు రాసేది. ముడిసరుకును డాలర్లలో కొనేది, అమ్మకాలన్నీ యూరోలలోనే జరిగేవి. అంటే డాలర్లలో ఆ సంస్థకు అప్పులే తప్ప రావలసిన బాకీలు లేవు. సరఫరాదారులకు చెల్లించవలసిన 2,50,000 డాలర్లు సగటున డాలరుకు 0.90 యూరోల చొప్పున పుస్తకాలకెక్కాయి. సంవత్సరాంతానికి రేటు 0.92కు చేరింది. డాలర్లలో అప్పు ఉన్నవారికి డాలరు బలపడితే నష్టమే రావాలి; ఇక్కడ అది 5,000 యూరోలు. పుస్తకాలలో మాత్రం 3,000 యూరోల నికర లాభం కనిపించింది. రేట్ల పట్టికలో ఒక్క తప్పూ లేదు.

ఏ వోచరూ తెరవకముందే లాభనష్టం ఏ దిశలో ఉండాలో అంచనా వేసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే. సంవత్సరం ప్రారంభంలో ఆ కరెన్సీలో ఉన్న నికర నిల్వను ముగింపు, ప్రారంభ రేట్ల తేడాతో గుణించి, ఏడాది పొడవునా వచ్చిన మార్పును ముగింపు, సగటు రేట్ల తేడాతో గుణించి, రెండింటినీ కలిపితే ఉండవలసిన లాభనష్టం ఇంచుమించుగా తెలుస్తుంది. ఈ లెక్కను ఒక్కొక్క కరెన్సీకి విడిగా వేయాలి, లేకపోతే ఒకదాని తప్పు మరొకదాని చాటున దాగిపోతుంది.

మా అంచనాకూ పుస్తకాలకూ మధ్య తేడా 8,000 యూరోలు. దానిని రేటులో వచ్చిన మార్పు 0.02తో భాగించాను, 4,00,000 డాలర్లు వచ్చింది. సరఫరాదారుల లెడ్జరులో డెబిట్ నిల్వ ఉన్న ఖాతాలను వేరుచేస్తే సరిగ్గా అంతే మొత్తం ఒకచోట కనిపించింది. అది పది లక్షల డాలర్ల యంత్రం కోసం ఆ సంస్థ చెల్లించిన నలభై శాతం అడ్వాన్సు. చెల్లించిన రోజు రేటు 0.90 కనుక 3,60,000 యూరోలకు నమోదయింది. సరఫరాదారు ఖాతాలోనే ఉండడం వల్ల సాఫ్ట్‌వేర్ దానిని మిగతా బాకీలతో పాటు 0.92 రేటుకు మార్చి, 3,68,000 యూరోలుగా చూపింది.

అడ్వాన్సుకు బదులుగా రాబోయేది డబ్బు కాదు, యంత్రం. ఆ అడ్వాన్సు ద్రవ్య అంశం, అంటే డబ్బుగా రావలసిన లేదా చెల్లించవలసిన బాకీ, కాదు కనుక చెల్లించిన నాటి రేటు దగ్గరే ఆగిపోవాలి. విదేశీ కరెన్సీ లెక్కలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 21 ప్రకారం ముగింపు రేటుకు మార్చవలసినది ద్రవ్య అంశాలను మాత్రమే. 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన దాని వివరణ ఐఎఫ్ఆర్ఐసీ 22 ఈ సంగతిని మరింత విడమరిచి, ముందుగా చెల్లించిన మేరకు ఆస్తి విలువకు చెల్లింపు నాటి రేటే వర్తిస్తుందని తేల్చింది.

అక్కడి ఫైనాన్స్ అధికారి నాతో, "యంత్రం రాకపోతే ఆ డాలర్లు మాకు తిరిగి వస్తాయి కదండీ, అప్పుడది బాకీయే అవుతుంది కదా" అని వాదించారు. ఒప్పందం రద్దయి, డబ్బు తిరిగి పొందే హక్కు ఏర్పడితే అది నిజంగానే ద్రవ్య అంశమవుతుంది, కానీ ఆ రోజు నుంచే. ఇక్కడ యంత్రం తయారవుతోంది, రవాణా తేదీ కూడా ఖరారయింది.

"మొత్తం చిన్నది, వచ్చే ఏడాది దానంతటదే సర్దుకుంటుంది" అన్నది వారి రెండో వాదన. ఈ మాటను నేను చాలాచోట్ల విన్నాను, ప్రతిసారీ గట్టిగానే వ్యతిరేకించాను. యంత్రం వచ్చేనాటికి రేటు 0.95 అయిందనుకుందాం. అడ్వాన్సుకు 3,60,000 యూరోలు, మిగిలిన 6,00,000 డాలర్లకు 5,70,000 యూరోలు కలిపి యంత్రం విలువ 9,30,000 యూరోలు కావాలి. వారి పద్ధతిలో మొత్తాన్నీ 0.95కు లెక్కించి 9,50,000 రాస్తారు. రెండు సంవత్సరాలలో కలిపి 20,000 యూరోల లేని లాభం పుస్తకాలకెక్కుతుంది, ఆస్తి విలువ అంతే మేరకు ఉబ్బుతుంది. ఆ యంత్రం పదేళ్లు పనిచేస్తే ఏటా 2,000 యూరోల అదనపు తరుగుదలగా ఆ తప్పు కరుగుతూ పోతుంది. దీనిని సర్దుకోవడం అనలేము. పైగా మొదటి ఏడాదిలోనే 5,000 నష్టం 3,000 లాభంగా మారిపోయింది.

రేట్ల విషయంలోనూ నాకు ఒక ఫిర్యాదు ఉంది. నెలవారీ సగటు రేటును వాడే సౌలభ్యం, రేటు పెద్దగా కదలనప్పుడే చెల్లుతుంది. 2015 జనవరి 15న స్విస్ నేషనల్ బ్యాంకు యూరోకు 1.20 ఫ్రాంకుల కనీస రేటును హఠాత్తుగా ఎత్తివేసినప్పుడు, యూరో ఇంచుమించు ఒక ఫ్రాంకు స్థాయికి పడిపోయింది. ఆ జనవరి సగటును నెల మొదటి వారపు బిల్లుకు వాడినా, చివరి వారపు బిల్లుకు వాడినా తప్పే. సగటు ఉన్నదని టిక్కు పెట్టే ముందు, ఆ నెలలోని అత్యధిక, అత్యల్ప రేట్లను చూసి, పెద్ద బిల్లులను వాటి తేదీల రేటుతో మళ్లీ లెక్కించడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

విదేశీ అనుబంధ సంస్థ ఖాతాలను మాతృసంస్థ కరెన్సీలోకి మార్చేటప్పుడు వచ్చే తేడాను, బ్యాలెన్స్ షీటు కలవడానికి మిగిలిన అంకెగా రాసి వదిలేసే అలవాటు మరీ ప్రమాదకరం. దానికీ లెక్క ఉంది. ప్రారంభ నికర ఆస్తులు 20,00,000 డాలర్లు, సంవత్సర లాభం 3,00,000 డాలర్లు, రేటు 0.90 నుంచి 0.92కు మారి సగటు 0.91 అయితే, ఆస్తుల మీద 40,000, లాభం మీద 3,000, మొత్తం 43,000 యూరోలు రావాలి. డివిడెండ్లూ కొత్త పెట్టుబడులూ లేనప్పుడు ఇంతకు మించిన తేడా కనబడితే, ఏదో ఒక పద్దు తప్పుడు రేటుతో మారిందని అర్థం. ఈ మొత్తం లాభనష్టాల ఖాతాలోకి కాక ఇతర సమగ్ర ఆదాయంలోకి వెళ్లాలి.

చివరకు ఆ సంస్థ 8,000 యూరోల లాభాన్ని రద్దు చేసి, అడ్వాన్సులకు విడి ఖాతా తెరిచి, దానికి రీవాల్యుయేషన్ ఆపివేసింది. ఆ సవరణ తరువాత కూడా ఒకటి గమనించాలి. యంత్రం చేతికి వచ్చాక మిగిలిన 6,00,000 డాలర్లు చెల్లించవలసిన అప్పే కనుక అది ద్రవ్య అంశమే. పైన అనుకున్నట్టు యంత్రం 0.95 రేటుకు వచ్చి, తరువాతి సంవత్సరాంతపు రేటు 0.94 అయితే ఆ బాకీ 5,70,000 నుంచి 5,64,000 యూరోలకు తగ్గి, 6,000 యూరోల లాభం వస్తుంది. అది నిజమైన లాభం, లాభనష్టాల ఖాతాలో ఉండవలసిందే. ఒకే యంత్రం, ఒకే సరఫరాదారు అయినా అడ్వాన్సు కదలకూడదు, బాకీ కదలాలి. అందుకే మీరు క్లయింటును అడగవలసిన మొదటి కాగితం రేట్ల పట్టిక కాదు, రీవాల్యుయేషన్‌కు లోనైన ఖాతాల జాబితా.