స్క్లెరోడెర్మాలో వేలికొసల పుండ్లు, జీడి పని చేసే చేతులు

ప్రశ్న: మాది పలాస. మా అమ్మకి 46 ఏళ్ళు, జీడిపప్పు ఒలిచే పనికి వెళ్తుంది. స్క్లెరోడెర్మా అన్నారు. వేళ్ళ చర్మం బిగుసుకుపోయి నున్నగా మెరుస్తోంది. రెండు వేళ్ళ కొసల్లో పుండ్లు పడి నెలయినా మానట్లేదు. ఇరుగుపొరుగు పసుపు, వేపాకు నూరి కట్టమంటున్నారు. ఏ పూత మందు వాడితే మంచిది?

పసుపు, వేపాకు వద్దండి. ఆ ముద్ద ఎండి పుండు మీద గట్టి పెచ్చు కడుతుంది. కింద చీము పట్టినా పైకి కనపడదు, ఆ పెచ్చు లాగినప్పుడల్లా కొత్తగా పుట్టిన పలచని చర్మం కూడా ఊడి వస్తుంది. ఇక పూత మందు విషయం. ఏ పూతా ఒంటరిగా ఈ పుండుని మాన్పలేదు, ఎందుకంటే లోపం పైన చర్మంలో మాత్రమే లేదు. ఈ జబ్బులో వేళ్ళలోని సన్నని రక్తనాళాల లోపలి గోడ దళసరెక్కి దారి ఇరుకైపోతుంది. చల్లదనం తగలగానే ఆ ఇరుకు దారి కూడా ముడుచుకుంటుంది. అప్పుడే వేలు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారుతుంది. రక్తం చిట్టచివర చేరేది వేలికొసకి కాబట్టి ముందు ఎండిపోయేదీ అదే. పుండు మానాలంటే అక్కడికి రక్తం చేరాలి. మీ అమ్మగారి చేతుల కోసం చేసే ప్రతి పనినీ ఈ లెక్కతోనే చూడండి.

ముందు ఆ జీడి పని సంగతి చెప్పాలి. జీడిపిక్క పెంకులో ఉండే నూనె మామూలు చర్మాన్నే కాల్చి బొబ్బలెక్కిస్తుంది. స్క్లెరోడెర్మా ఉన్న వేలికొస మీద పడితే ఆ గాయం నెలల తరబడి ఉండిపోతుంది. కాబట్టి పిక్క కోసే బల్ల దగ్గర ఆవిడ అసలు కూర్చోకూడదు. ఒలుపులో నూనె తక్కువే గానీ ఇంకో ఇబ్బంది ఉంది. పప్పు మీది పలచని పొట్టుని గోటితో, చిన్న కత్తితో గీకేటప్పుడు బలమంతా బొటనవేలు, చూపుడువేలి కొసల మీదే పడుతుంది. పుండ్లు ఆ రెండు వేళ్ళకే ఉంటే కారణం సగం అక్కడే దొరికినట్టు. పని పూర్తిగా మానిపించడం ఏ ఇంట్లోనూ తేలిక కాదని తెలుసు. మేస్త్రీతో మాట్లాడి పప్పు రకాలు వేరుచేసే గ్రేడింగ్‌కి మార్పించండి. ఆ పనిలో వేలికొస మీద ఒత్తిడి తక్కువ, చేతికి పలచని నూలు గ్లవుజు వేసుకున్నా పని సాగుతుంది. డాక్టరు చేత ఒక కాగితం రాయించి ఇస్తే మేస్త్రీకి కూడా సులువు.

ఇంట్లో ఎక్కువ దెబ్బ తగిలేది తెల్లవారుజామున. మార్గశిరం, పుష్యంలో ట్యాంకు నీళ్ళు రాత్రంతా చల్లారి ఉంటాయి. ఆ నీళ్ళతో అంట్లు తోమితే వేళ్ళు పాలిపోవడం ఖాయం. అప్పుడే కొట్టిన బోరు నీళ్ళు వాటికన్నా వెచ్చగా ఉంటాయి, లేదంటే ఒక గిన్నెడు వేడినీళ్ళు కలుపుకోండి. రబ్బరు గ్లవుజు ఒక సైజు పెద్దది కొని, లోపల నూలు గ్లవుజు వేసుకోవాలి. బిగుతు గ్లవుజు తొడిగేటప్పుడే పుండు మీద చర్మం రాసుకుపోతుంది. లోపలి నూలు తడిస్తే వెంటనే మార్చాలి, తడిగుడ్డ వేలిని ఇంకా చల్లబరుస్తుంది.

చేతులకి గ్లవుజులు వేసి ఒంటి మీద పలచని చీరతో వదిలేస్తే లాభం లేదు. ఒళ్ళు చల్లబడితే శరీరం లోపలి వేడిని కాపాడుకోవడానికి వేళ్ళకి పోయే రక్తాన్ని తనే తగ్గించేస్తుంది. అందుకని స్వెట్టరు, తలకి స్కార్ఫు, కాళ్ళకి మేజోళ్ళు ముందు, చేతి గ్లవుజులు తర్వాత. విశాఖకి చూపించడానికి తీసుకెళ్ళేటప్పుడు ఏసీ బోగీ, ఏసీ బస్సు కూడా చలికాలమే అనుకోండి.

వేళ్ళు పాలిపోయినప్పుడు గోరువెచ్చని నీళ్ళలో పెట్టాలి. ఆ నీళ్ళ వేడి ఇంకొకరు మోచేత్తో చూడాలి. పాలిపోయిన వేలికి వేడి సరిగ్గా తెలియదు. చలిమంట మీదా, భోగిమంట దగ్గరా చేతులు చాపి కాచుకోవడం వల్ల బొబ్బలెక్కి, వాటి నుంచి కొత్త పుండ్లు పడతాయి. నీళ్ళు దొరక్కపోతే చేతుల్ని చంకల్లో పెట్టుకోవడం మంచి పద్ధతి.

ఇక పుండుకి కట్టు. మందుల షాపులో దొరికే 100 మి.లీ. నార్మల్ సెలైన్ సీసాని పది నిమిషాలు వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి గోరువెచ్చగా చేసుకోండి. చల్లని సెలైన్ పోస్తే కట్టు కడుతుండగానే వేలు తెల్లబడుతుంది. సీసా దొరక్కపోతే లీటరు నీళ్ళు బాగా మరిగించి, తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే తల కొట్టిన చిన్న చెంచాతో చెంచాన్నర, కలిపి చల్లార్చి ఆ రోజుకే వాడండి. పుండు మీద ధారగా పోసి, చుట్టూ ఉన్న చర్మాన్ని మాత్రం మెత్తని గాజు గుడ్డతో అద్దండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టే కణాల్ని కూడా చంపేస్తాయి, వాటిని దగ్గరికి రానివ్వకండి. పుండు పొడిగా, ఎర్రగా, చీము లేకుండా ఉంటే పలచగా వాజలిన్ రాసి, పారఫిన్ పూసిన గాజు గుడ్డ ముక్క వేసి, దాని మీద మామూలు గాజు గుడ్డ పెట్టండి. టేపుని వేలి చుట్టూ ఉంగరంలా తిప్పకూడదు, వేలి పొడవునా అంటించాలి. చుట్టూ తిప్పిన టేపు వేలు కాస్త వాచగానే ఉరి బిగిసినట్టు బిగిసి, వచ్చే కొద్ది రక్తాన్నీ ఆపేస్తుంది. కట్టయ్యాక వేలు ముందుకన్నా నొప్పిగా, చల్లగా, నీలంగా అయితే కట్టు బిగుతైంది, విప్పి మళ్ళీ కట్టండి. మర్నాడు గాజు అంటుకుపోతే లాగొద్దు, గోరువెచ్చని సెలైన్‌లో ఐదు నిమిషాలు నానితే అదే ఊడుతుంది.

పుండు మీద నల్లగా, గట్టిగా, పొడిగా చచ్చిన చర్మం ఉంటే దాన్ని తడపకండి, గిల్లకండి. పొడిగానే ఉంచి, దెబ్బ తగలకుండా వదులుగా కప్పండి. బతికున్న చర్మానికీ చచ్చినదానికీ మధ్య గీత తనంతట తనే ఏర్పడి, వారాలో నెలలో పట్టాక అది రాలుతుంది. తొందరపడి కోయిస్తే బతికే భాగం కూడా పోవచ్చు. వేలి మీద సుద్దలాంటి తెల్లని ముద్ద బయటికి వస్తుంటే అది కాల్షియం, దాన్ని సూదితో తవ్వకండి.

వేలి కణుపుల మీద పడే పుండ్లు వేరు. వేళ్ళు వంగిపోయి, చర్మం ఎముక మీద లాగినట్టుగా ఉండి, తలుపుకో గిన్నెకో తగిలి చిట్లుతుంది. అక్కడ మెత్తని స్పాంజి ముక్క అడ్డం పెట్టడమే సగం వైద్యం.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాల్సిన సందర్భాలు ఇవి. చీము, దుర్వాసన, వేలు ఎర్రగా వాచి ఆ ఎరుపు పైకి పాకడం, జ్వరం వస్తే ఆ రోజే వెళ్ళండి, చీము ఎముక దాకా పోయిందేమో ఎక్స్‌రే తీసి చూస్తారు. వేలు ఎంత వెచ్చబెట్టినా నీలంగానో నల్లగానో ఉండిపోయి, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. అప్పుడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

మందుల విషయానికొస్తే, ఎక్కువగా మొదట నిఫెడిపిన్ లేదా ఆమ్లోడిపిన్ ఇస్తారు. రక్తనాళాల్ని వదులు చేస్తాయి. కాళ్ళవాపు, తలనొప్పి, గుండెల్లో మంట పెరగొచ్చు, ఆ సంగతి డాక్టరుకి చెప్పి మార్పించుకోవాలి గానీ సొంతంగా ఆపకూడదు. చాలకపోతే సిల్డెనాఫిల్ రాస్తారు. అది మగవాళ్ళ అంగస్తంభన సమస్యకి కూడా వాడే మాత్ర కావడంతో, ఆ చీటీ చూసి మందుల షాపు కుర్రాడు వింతగా చూస్తాడని కొందరు ఆడవాళ్ళు మందే కొనుక్కోరు. ఇంతకన్నా బాధ కలిగించే విషయం లేదు. ఆ మాత్ర వేళ్ళలోని నాళాల్ని కూడా తెరుస్తుంది, అందుకే రాశారు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు వాడుతుంటే మాత్రం ఇది కలవకూడదు, ముందే చెప్పాలి. కొత్త పుండ్లు మళ్ళీ మళ్ళీ పడుతుంటే బోసెంటాన్ ఉంది. దానికి నెలనెలా కాలేయ పరీక్ష చేయించాలి, గర్భం వచ్చే వయసులో ఉన్నవాళ్ళకి చాలా జాగ్రత్త కావాలి. వేలు పోయే పరిస్థితిలో ఇలోప్రాస్ట్ వంటి మందు సెలైన్‌లో కలిపి ఎక్కిస్తారు.

ఎదురు పనిచేసే మందులు కూడా తెలిసి ఉండాలి. తలనొప్పికో బీపీకో ఇచ్చే ప్రొప్రనోలాల్, ముక్కు దిబ్బడకి షాపులో అడిగి కొనే జలుబు మాత్రలు నాళాల్ని ఇంకా బిగిస్తాయి. పొగాకూ అంతే. మన జిల్లాలో పెద్దవయసు ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం కొత్త కాదు, అమ్మగారికి ఆ అలవాటుంటే పుండ్లు మానకపోవడానికి అది పెద్ద కారణం. ఖైనీ నమిలినా నికోటిన్ నికోటినే. ఇంకొకటి, ఊళ్ళో వైద్యులు కీళ్ళనొప్పులనుకుని ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్ పెద్ద మోతాదులో రాసేస్తుంటారు. ఈ జబ్బులో రోజుకి 15 మిల్లీగ్రాములు దాటితే మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. తలనొప్పి, చూపు మసక, బీపీ ఒక్కసారిగా పెరగడం దాని గుర్తులు. ఇంట్లో బీపీ మిషన్ ఉంచుకుని చూస్తుండండి.

పుండు ఉన్న చేత్తో వేడి అన్నం, పులుసు, ఆవకాయ కలిపి తినడం రోజూ గాయాన్ని రేపడమే. చెంచా వాడితే ఎవరైనా ఏమనుకుంటారోనని మానుకోకండి. చేతులు కడిగిన వెంటనే తడి ఆరకముందే వాజలిన్ రాస్తే చర్మం పగలడం తగ్గుతుంది. వేళ్ళు వంగిపోకుండా రోజుకి రెండుసార్లు గోరువెచ్చని నీళ్ళ తర్వాత అరచేతిని బల్ల మీద ఆనించి, వేళ్ళని మెల్లగా చాపి పది సెకన్లు ఆపడం, అలా పదిసార్లు, పుండు మీద ఒత్తిడి లేకుండా చేయించండి.

చివరగా, రేషన్ దుకాణంలో, పింఛను దగ్గర వేలిముద్ర పడక ఇలాంటివాళ్ళని మళ్ళీ మళ్ళీ నొక్కిస్తారు. నున్నబడిన వేలికి గీతలు అరిగిపోయి ఉంటాయి, ఎంత నొక్కినా పడవు, పుండు మాత్రం చిట్లుతుంది. కంటిపాప స్కాన్ చెయ్యమని గట్టిగా అడగండి. ఆసుపత్రిలో వేలికి పెట్టే ఆక్సిమీటర్ కూడా చల్లని వేళ్ళ మీద తప్పుగా తక్కువ చూపుతుంది. చెవి తమ్మెకి పెట్టి మళ్ళీ చూడమనండి, అక్కడా తక్కువే వస్తే ఊపిరితిత్తుల పరీక్ష వెంటనే చేయించండి.