‘పేర్మి’ని సవాలు చేయవచ్చా?

సందేహం: అక్షరాల బిళ్ళలతో ఆడే పదాల ఆటలో ఎదుటి ఆటగాడు ‘పేర్మి’ అని పేర్చారు. నేనెప్పుడూ వినని మాట. సవాలు చేసి ఓడితే నా వంతు పోతుంది. మాట రూపాన్ని, చివరను చూసి నిర్ణయించుకునే మార్గం ఉందా?

సమాధానం: ఉంది. ఈ మాటను మాత్రం సవాలు చేయకండి.

ముందు చివరి ‘మి’ని పక్కన పెట్టి చూడండి. కలిమి, లేమి, చెలిమి, బలిమి, తాలిమి అన్నవన్నీ గుణాన్నో స్థితినో చెప్పే మాటలే. వీటిలో కొన్నింటికి రెండేసి రూపాలున్నాయి. కూరిమిని కూర్మి అనీ, ఓరిమిని ఓర్మి అనీ అంటారు. నడిమి ఇకారం జారిపోగానే ‘ర’ వెళ్ళి ‘మి’ మీద పడుతుంది. మీకు వింతగా కనిపించిన ‘ర్మి’ ఇలా వచ్చిందే. కాబట్టి ‘పేర్మి’ని విప్పితే ‘పేరిమి’ వస్తుంది.

ఇక మిగిలిన మొదలు మీకు తెలిసినదేనా? పేరోలగం అంటే పెద్ద కొలువు, పేరాస అంటే పెద్ద ఆశ. ఆ ‘పేర్’కు పెద్ద అని అర్థం. పేర్మి అంటే గొప్పతనం, ఆధిక్యం. చివర తెలిసినదై, మొదలు వేరే మాటల్లోనూ కనిపిస్తే సవాలు మానుకోవడమే మేలు.

అదే ఆటగాడు ‘ఆడిమి’ అని పేర్చి ఉంటే నేను వెనుకాడకుండా సవాలు చేస్తాను. చివర చక్కగానే ఉంది, కానీ ‘ఆడు’కు ‘ఆట’ అనే నామం ఎప్పుడో స్థిరపడింది. ‘మి’ అన్ని ధాతువులకూ అతికే ప్రత్యయం కాదు, అది కొద్ది మాటలకే పరిమితం. అదే ‘తనం’ అయితే మంచితనం, పెద్దతనం, చిన్నతనం అంటూ ఎన్నింటికో చేరుతుంది. అందుకే ‘తనం’తో ముగిసిన కొత్త మాట కనిపిస్తే తొందరపడవద్దు.

వత్తక్షరాలు మరో గుర్తు. ఖ, ఘ, థ, ధ, భ వంటివి ఎక్కువగా సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఉంటాయి. ‘ఘడిమి’ అని ఎవరైనా పేరిస్తే, సంస్కృతపు మొదలుకు తెలుగు చివరను అంటించినట్లుంటుంది. అక్కడ అనుమానించాలి. ‘కడిమి’ అయితే మంచి మాట, పరాక్రమం అని అర్థం.

రూపం మోసం చేసే చోటు కూడా ఒకటుంది. ‘ఊర్మి’ అచ్చంగా పేర్మిలాగే కనిపిస్తుంది. ‘ఊరిమి’ అని విప్పబోతే ఏమీ దొరకదు, అబద్ధమని సవాలు చేస్తారు. కానీ అది సంస్కృత పదం, అల అని అర్థం. మీ వంతు పోతుంది. విప్పినా తెలుగు మొదలు దొరకనప్పుడు, సంస్కృతపు మాటేమోనని మరొక్కసారి ఆలోచించాకే సవాలుకు దిగండి. అదీ, ఆటకు ముందే ఏ నిఘంటువును ప్రమాణంగా ఒప్పుకున్నారో దాని ప్రకారమే. శబ్దరత్నాకరం వంటి పాత నిఘంటువును ఒప్పుకుని ఉంటే కావ్యభాషలోని మాటలు ఎన్నో చెల్లుతాయి, సవాలుకు ఇంకా ఆచితూచి దిగాలి.