ఈఎంఐ మొత్తం ఖర్చు కాదండీ

"ఆటో లోన్ 3 లక్షలు, 12 శాతం, 36 నెలలు. ఈఎంఐ 9,964 ఖర్చులో రాస్తున్నాను. మూడు నెలలైనా పుస్తకంలో అప్పు తగ్గలేదు. – రాయగడ నుంచి"

అన్నా, ఈఎంఐని రెండుగా విడదీయాలి. మొదటి నెల వడ్డీ 3 లక్షల మీద ఒక శాతం, అంటే 3,000. ఖర్చు అదొక్కటే. మిగతా 6,964 అసలు.

```
వడ్డీ ఖర్చు డెబిట్ 3,000
ఆటో లోన్ డెబిట్ 6,964
  బ్యాంకు క్రెడిట్ 9,964
```

ఇప్పుడు అప్పు 2,93,036. రెండో నెల వడ్డీ దాని మీదే కాబట్టి 2,930కి దిగుతుంది. పర్లాకిమిడిలో మా ఇంటి లెక్కల్లో నేనూ ఏడాదంతా ఇదే తప్పు రాశాను. ఇల్లు నష్టంలో ఉందని ఊరికే టెన్షన్ పడ్డాం.

పాత మూడు నెలల పద్దులూ ఇలాగే సరిచేసి, లోన్ స్టేట్‌మెంట్‌లోని బ్యాలెన్స్‌తో పోల్చండి. బ్యాంకు రోజుల లెక్కన వడ్డీ వేస్తే కొద్ది రూపాయల తేడా వస్తుంది. అప్పుడు బ్యాంకు అంకెనే రాసుకోండి.