ఆ పెద్ద మెసేజ్ పంపకు రా చిన్నా

ఒరేయ్ చిన్నా,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది, ఆ సంబంధం అమ్మాయి చాట్‌లో ముభావంగా ఉంటోందని నువ్వు మనసులో ఉన్నదంతా పెద్ద మెసేజ్ రాసి ఈ రాత్రికే పంపుతావంట. అలిగి మూల కూర్చోకుండా ఏదో ఒకటి చేద్దామనుకున్నావు చూడు, దానికి ముచ్చటేసింది, మనింట్లో మగాళ్ళకి అది చేతకాదు. కానీ ఆ మెసేజ్ మాత్రం పంపకు.

రాత్రి పదకొండు దాటాక మెసేజ్ పెట్టకు, రిప్లై రాలేదని ప్రశ్న గుర్తులు పెట్టకు, ఇవన్నీ నీకు తెలిసినవే.

మీ బాబాయి సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదా. నిశ్చితార్థానికీ పెళ్ళికీ మధ్య నాలుగు నెలలు వచ్చింది, ఆయన బెజవాడలో, నేను ఇక్కడ బ్రాడీపేటలో, గంట ప్రయాణమే అయినా కలవనిచ్చేవాళ్ళు కాదు, ఇన్లాండ్ లెటర్లే దిక్కు. మొదట్లో మడత పెట్టే అంచు మీద కూడా చోటు మిగిలేది కాదు. తర్వాత మా అమ్మకి ఆటలమ్మ పోసింది, నాకు డిగ్రీ పరీక్షలు, నా ఉత్తరాలు నాలుగు లైన్లకి వచ్చేశాయి. అంతే, ఈయన ఏదేదో ఊహించుకుని కవర్లో నాలుగు పేజీలు పంపాడు, నేనేమైనా తప్పు మాట్లాడానా, ఈ సంబంధం ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా చెప్పెయ్యండి అని. కవరు బరువుగా ఉందని మా నాన్న చించి చదివాడు, ఇంట్లో రెండ్రోజులు గొడవ. ఆ గొడవ పక్కన పెట్టు, నా పరిస్థితి చూడు. దానికి ఏం జవాబు రాయాలి? ఇష్టమేనని రాయాలంటే సిగ్గు, తప్పేం లేదని రాస్తే ఆయన్ని నమ్మించడానికి ఇంకో నాలుగు పేజీలు కావాలి. అప్పటిదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళం, ఇప్పుడు సంజాయిషీ ఇచ్చుకుంటే గానీ కబుర్ల దాకా వెళ్ళలేను. అందుకే అసలు రాయడమే మానేశా, దాంతో ఆయన అనుమానమే నిజమనుకున్నాడు.

వాళ్ళక్క తిడితే చివరికి ఒక కార్డు ముక్క రాశాడు. ఎదురు డాబా మీద పావురాలకి గింజలేసే తాతగారికీ మీ నాన్నగారికీ గొడవ తీరిందా, మా వీధిలో కూడా ఒకాయన మొదలుపెట్టాడు అని. నేనెప్పుడో రెండో ఉత్తరంలో రాసిన సంగతది! నవ్వొచ్చేసింది, ఆ రాత్రే ఇన్లాండ్ నిండా రాశా.

ఇప్పుడు నీ చాట్ చూడు. మొదటి నాలుగు రోజులూ చదువు, ఆఫీసు, తోబుట్టువులు, ఇష్టమైన హీరో, బయోడేటా అంతా అయిపోయింది, ఒకటి అడగడం, జవాబు రాగానే ఇంకోదానికి వెళ్ళడం. తర్వాత ఆ పిల్ల తనంతట తానే చెప్పింది, బ్యాంకులో ఆడిట్, లంచ్‌కి కూడా టైం లేదు, పైగా ఒక పెద్దాయన రోజూ వచ్చి పాస్‌బుక్ మీద వెంకటేశ్వరస్వామి బొమ్మ అతికించమంటున్నాడని. నువ్వేమన్నావు? హహ, మాకూ రిలీజ్ ప్రెషర్ అని మొదలెట్టి ఆరు లైన్లు నీ గోల. అక్కణ్ణుంచే ఊ, అవునా మొదలయ్యాయి, కావాలంటే పైకి జరిపి చూసుకో. మా అమ్మాయి చూపించింది, 2017లో హార్వర్డ్ వాళ్ళు జనం చాటింగులు చూస్తే ప్రశ్నలు అడిగినవాళ్ళే ఎదుటివాళ్ళకి ఎక్కువ నచ్చారంట, అందులోనూ చెప్పిన మాటని పట్టుకుని దాని మీదే అడిగినవాళ్ళు. నాకైతే పావురాల కార్డే చాలు.

కాబట్టి సారీలు, ఎందుకు మాట్లాడట్లేదులు ఏమీ లేకుండా సూటిగా, "ఇవాళ బ్యాంకుకెళ్తే మీ పాస్‌బుక్ పెద్దాయన గుర్తొచ్చారు, ఇంతకీ బొమ్మ అతికించారా లేదా?" అని రాయి. నిజంగా బ్యాంకుకెళ్ళినప్పుడే రాయి, లేకపోతే ఇంకేదైనా నిజంగా జరిగింది రాయి. తను ఏం చెప్పినా వెంటనే నీ కథలోకి లాక్కెళ్ళకు, దాని మీదే ఇంకోటి అడిగి, తర్వాత నీది రెండు ముక్కలు చెప్పు.

రిప్లై ఎంత పొడుగుందని కొలవకు. అడిగినదానికంటే ఒక ముక్క ఎక్కువ చెప్పిందా, తిరిగి నిన్నేమైనా అడిగిందా, అది చూడు. ఉత్త హహ వస్తే రెండు మూడు రోజులాగి, స్కూల్లో మానేసిన కూచిపూడి గురించి అడుగు, అదీ తను అడక్కుండానే చెప్పిందే కదా. అప్పటికీ అంతే అయితే అది మాటల లోపం కాదు, తనకి మనసు లేకపోవచ్చు, ఇంట్లో ఇంకేదైనా ఉండొచ్చు. అప్పుడు మధ్యవర్తి ద్వారా నెమ్మదిగా కనుక్కుంటాం, నువ్వు మాత్రం తనని నిలదీయకు, వాళ్ళ నాన్న ఫోన్ చూస్తాడో ఏమో ఎవరికి తెలుసు, మా నాన్నని చూశాను కదా.

ఇంకోటి, ఆ స్క్రీన్‌షాట్లు నాకు పంపావు సరే, మీ అమ్మకెందుకు పంపావురా, ఆవిడ చెయ్యి జారి ఫ్యామిలీ గ్రూపులో పడేస్తే మీ పెదనాన్న దాకా వెళ్తాయి. ఆ అమ్మాయి నీకొక్కడికే చెప్పుకున్న మాటలవి. నా ఫోన్లోంచి తీసేశా, మీ అమ్మ ఫోన్లోంచి నువ్వు తీయించు.

మీ పిన్ని