డాక్టర్ సలహా: చెల్లెలు నా బిడ్డను మోయవచ్చా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ఏడాదిన్నర క్రితం కాన్పులో రక్తస్రావం ఆగక గర్భసంచి తీసేశారు. బిడ్డ దక్కలేదు. మా చెల్లికి 28 ఏళ్లు, ఒక బాబు ఉన్నాడు (సిజేరియన్). నా కోసం బిడ్డను మోస్తానంటోంది. బిడ్డకు దాని పోలికలు వస్తాయా? దానికి ప్రమాదమేమైనా ఉందా? చట్టం ఒప్పుకుంటుందా? టెన్షన్‌గా ఉంది. – ఒక సోదరి, గుంటూరు

జవాబు: గర్భసంచి తీసేసినా అండాశయాలు ఉంచారా అన్నది ముందు తెలియాలి. అలాంటి అత్యవసర ఆపరేషన్లలో సాధారణంగా వాటిని ఉంచేస్తారు. డిశ్చార్జి కాగితాల్లో చూడండి. అవి ఉంటే మీలో అండాలు తయారవుతూనే ఉంటాయి. నెలసరి రాదు కాబట్టి ఆ సంగతి మీకు తెలియదంతే. ఏఎంహెచ్ రక్తపరీక్ష, స్కాన్ చేస్తే అండాల నిల్వ ఎంతో అంచనా వేయవచ్చు. ఒకరి బిడ్డను మరొకరు మోసి కనడాన్నే సరోగసీ అంటారు. గర్భసంచి లేకపోవడం దీనికి చట్టం గుర్తించిన కారణాల్లో మొదటిది. ఐవీఎఫ్ పలుమార్లు విఫలమైనవారు, కారణం తెలియకుండా గర్భస్రావాలు జరుగుతున్నవారు, గర్భం మోస్తే ప్రాణానికే ముప్పున్న జబ్బులవారు కూడా అర్హులే.

పది, పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి, మత్తులో సూదితో మీ అండాలు తీస్తారు. ల్యాబులో మీ వారి వీర్యకణాలతో కలిపి, ఐదు రోజులు పెంచిన పిండాన్ని ఫ్రీజ్ చేస్తారు. ఆ తర్వాత మీ చెల్లెలికి ఈస్ట్రోజెన్ మాత్రలు ఇచ్చి గర్భసంచి లోపలి పొరను సిద్ధం చేస్తారు. అది సుమారు 7–8 మిల్లీమీటర్లకు చేరాక ప్రొజెస్టెరాన్ మొదలుపెట్టి, దాదాపు ఆరో రోజున సన్నని గొట్టంతో పిండాన్ని లోపల పెడతారు. దీనికి సాధారణంగా మత్తు అక్కర్లేదు. సుమారు రెండు వారాలకు రక్తపరీక్షలో ఫలితం తెలుస్తుంది.

మీ చెల్లెలి అండం ఇందులో వాడరు, చట్టమూ వాడనివ్వదు. కాబట్టి జన్యువులు మీ ఇద్దరివే. బిడ్డ ఆమె రక్తం పంచుకుని పెరుగుతాడన్నది అపోహ. మాయ ద్వారా పోషకాలు, ఆక్సిజన్ అందుతాయి. పుట్టాక పిన్ని పోలికలు కనిపిస్తే, అవి మీరిద్దరూ అక్కాచెల్లెళ్లు కాబట్టి వచ్చినవే!

ప్రమాదం గురించి మీరు అడగడం సంతోషం. చాలామంది అడగరు. ఇతరుల పిండాన్ని మోసేటప్పుడు బీపీ పెరిగే ముప్పు మామూలు గర్భం కంటే కొంత ఎక్కువ. పైగా ఆమెకు పాత సిజేరియన్ కుట్టు ఉంది. ఈసారి మాయ ఆ కుట్టు మీదే అతుక్కుంటే, మీకు జరిగినట్టే ఆమె గర్భసంచి కూడా తీయాల్సి రావచ్చు. ఇది అరుదే, కానీ ముందే ఆమెకు చెప్పి తీరాలి. అందుకే ఒక్క పిండమే పెట్టమనండి. కవలలైతే తేలిగ్గా ఉంటుందని ఎవరైనా అంటే వినకండి. గర్భం వచ్చాక మాయ ఎక్కడ ఉందో తొలి నెలల్లోనే స్కాన్‌లో చూపించుకోండి.

సరోగసీ చట్టం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. డబ్బు కోసం మోయించడం నేరం. వైద్య ఖర్చులు, 36 నెలల ఇన్సూరెన్స్ మీరు భరించాలి. మోసే స్త్రీ 25–35 ఏళ్ల మధ్య ఉండాలి, ఆమెకు సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే మోయాలి. మీ చెల్లెలు సరిపోతుంది. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, బిడ్డ మీదేనని మెజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు, అధికారుల అనుమతి అన్నీ పిండం పెట్టకముందే ఉండాలి.

నన్ను ఇబ్బంది పెట్టేది ఇంట్లో జరిగే ఒత్తిడి. డబ్బు వద్దన్న చట్టం, అమ్మానాన్నలు 'అక్క కోసం ఆమాత్రం చేయలేవా' అనడాన్ని ఆపలేదు. చెల్లెలు కాదనలేక ఒప్పుకుందా, మనస్ఫూర్తిగానా అన్నది మీ ముందు బయటపడదు. డాక్టరు, కౌన్సిలర్ ఆమెతో మీరెవరూ లేకుండా మాట్లాడాలి. ఆమె భర్త ఏమంటున్నాడో, తొమ్మిది నెలలు ఆ బాబును ఎవరు చూస్తారో కూడా అప్పుడే తేల్చుకోండి. పిండం పెట్టే నిమిషం వరకు ఆమె వెనక్కి తగ్గవచ్చు. గర్భం వచ్చాక ఆమె సమ్మతి లేకుండా అబార్షన్ చేయించడానికి వీల్లేదు.

ఇంకొక మాట. 2025లో హైదరాబాద్‌లో సరోగసీ పేరుతో ఒక జంట చేతికిచ్చిన బిడ్డ వారిది కాదని డీఎన్ఏ పరీక్షలో తేలింది. మీ విషయంలో మోసేది చెల్లెలే కాబట్టి ఆ భయం తక్కువ. అయినా క్లినిక్‌కు సరోగసీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఎన్ని అండాలు తీశారు, ఎన్ని పిండాలు తయారయ్యాయి, ఎన్ని ఫ్రీజ్ చేశారో ప్రతిసారీ కాగితం మీద తీసుకోండి. అనుమానం వస్తే, పుట్టిన బిడ్డకు డీఎన్ఏ పరీక్ష చేయించుకోవచ్చు.